గుప్పెడు అన్నం దగ్గర మొదలయ్యే గొడవ: ఒకే చిన్న విషయం మీద మళ్లీ మళ్లీ తగవు ఎందుకు వస్తుంది?

విజయనగరంలో ఒక అద్దె ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంట్లో ఉండే అప్పలరాజు పైడిభీమవరం దగ్గర ఒక మందుల కర్మాగారంలో పని చేస్తాడు. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు పడిన వారంలో రాత్రి పదింటికి పని ముగించి, కంపెనీ బస్సులో ఇల్లు చేరేసరికి పదకొండవుతుంది. భార్య సత్యవతి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఎనిమిదింటికల్లా వంట ముగించి, అన్నం గిన్నె మీద మూత పెట్టి, తాను తినకుండా ఎదురుచూస్తుంది. అతను వచ్చి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూనే "నాను కేంటీన్‌లో తినీసేను" అంటాడు. ఆమె మాట్లాడకుండా మూత తీసి, అన్నంలో నీళ్లు పోస్తుంది. తెల్లారితే అది చద్దన్నం, అది తినేది ఆమే. నీళ్లు పోసిన చప్పుడుతోనే తగవు మొదలవుతుంది.

"ఓ మాటు ఫోన్ చేసి సెప్పడానికేటండి?"

"రోజూ నీకాడ హాజరు పలకాలా ఏటి? గుప్పెడన్నం కాడ ఇంత గోలా?"

అతను టీవీ పెట్టుకుంటాడు, ఆమె తినకుండా పడుకుంటుంది. రెండు రోజుల తరువాత మాటలు కలుస్తాయి. మళ్లీ ఆ షిఫ్టు వారం వచ్చేసరికి అవే మాటలు, అదే వరుసలో, దాదాపు అదే గొంతుతో తిరిగి వస్తాయి. ఈ ఇల్లు కల్పితమే అయినా ఇందులోని గిన్నె, మూత, షిఫ్టు, చద్దన్నం మన ప్రాంతంలో ఎవరికీ కొత్త కావు. గుప్పెడు అన్నానికి ఇంత గొడవ అవసరం లేదన్న అప్పలరాజు మాట నిజమే. గొడవ అన్నం గురించి కాదు కాబట్టే అది నిజం. మరి దేని గురించి?

అడుగుతున్నది ఒకటి, అడగడానికి కారణం ఇంకొకటి

ముందుగా రెండు మాటలను విడదీసుకోవాలి. "ఫోన్ చెయ్యండి" అన్నది కోరిక. అందులో ఫలానా మనిషి ఫలానా పని ఫలానా వేళకు చెయ్యాలని ఉంటుంది. ఆ కోరిక తీరితే లోపల నెమ్మదించేదేదో అది అవసరం. అవసరాన్ని సరిగ్గా చెప్పినప్పుడు అందులో ఫలానా మనిషి పేరు గానీ, ఫలానా పని గానీ ఉండదు. భద్రత, విశ్రాంతి, గౌరవం, ఒకరి తలపులో చోటు, తన పనిలో తన నిర్ణయం చెల్లడం వంటివి అవసరాలు. ఒక అవసరం తీరడానికి పది దారులు ఉండవచ్చు, కోరికకు ఉండేది ఒక్కటే. కోరికల దగ్గరే నిలబడితే ఇద్దరిలో ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి.

ఈ తేడాను మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ ఆలోచనాపరురాలు 1925లో ఒక కిటికీ ఉదాహరణతో చూపించింది. హార్వర్డ్ గ్రంథాలయంలో ఒక చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూయాలన్నది. చివరకు ఎవరూ లేని పక్కగదిలో కిటికీ తెరిచారు. ఆమెకు కావలసింది కిటికీ మూసి ఉండటం కాదు, ఉత్తరపు గాలి నేరుగా తన మీదకు రాకుండా ఉండటం. ఎదుటివారికి కావలసింది గదిలోకి కాస్త గాలి. కిటికీ సగం తెరిచి ఉంటే ఇద్దరికీ సగం సగం నష్టమే మిగిలేది.

మన ఊళ్లలో పెద్దమనుషుల పద్ధతి సాధారణంగా ఆ సగం కిటికీ దగ్గర ఆగుతుంది. తప్పెవరిదని అడుగుతారు, ఇద్దరి చేతా రెండు మాటలు ఒప్పిస్తారు, చివరకు "సర్దుకుపోండమ్మా" అంటారు. భూమి గట్టు తగవులో ఈ పద్ధతికి మంచి విలువ ఉంది, ఎందుకంటే గట్టు నిజంగానే ఎక్కడో ఒకచోట పడాలి. అన్నం గిన్నె తగవులో మాత్రం ఎవరి వాదన వారికి ఇంకా గట్టిపడుతుంది, ఎందుకంటే పదిమంది ముందు చెప్పిన మాటను మరునాడు మార్చుకోవడం కష్టం.

నియమం పెట్టుకున్నా తగవు ఎందుకు ఆగలేదు

సత్యవతి, అప్పలరాజు తెలివితక్కువవారు కారు. ఒకసారి కూర్చుని నియమం పెట్టుకున్నారు: కేంటీన్‌లో తినే రోజున ఏడున్నర లోపు అతను ఫోన్ చెయ్యాలి. మొదటి వారం అది నడిచింది. రెండో వారంలో రెండు రోజులు తప్పింది. దాంతో తగవు అన్నం మీది నుంచి ఫోన్ మీదికి మారింది. మూడో వారంలో అతను ఫోన్ చేసి, "తినీసేను, పెట్టెయ్" అని మూడు సెకన్లలో పెట్టేశాడు. సమాచారం అందింది, అన్నం మిగలలేదు, అయినా ఆ రాత్రి ఆమె మాట్లాడలేదు. ఈ మూడో వారమే మనకు అసలు ఆధారం. కావలసింది సమాచారమే అయితే ఆమె కోపం తగ్గి ఉండాలి.

ఇక్కడ ఒక పక్కవిషయాన్ని వదిలిపెట్టకూడదు. మందుల తయారీ జరిగే గదుల్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. అప్పలరాజు ఫోన్ రెండు గంటలకు ముందే లాకరులోకి వెళుతుంది. ఏడున్నరకు ఫోన్ చెయ్యాలంటే అతను పై అధికారిని అడిగి, బట్టలు మార్చుకుని బయటికి రావాలి. అంటే వారు పెట్టుకున్న నియమం మొదటి నుంచే అతని రోజుకు సరిపోలేదు. ఈ సంగతి అతను ఆమెకు చెప్పలేదు, చెబితే సాకు అనుకుంటుందని అనుకున్నాడు. ఆమె మాత్రం ఫోన్ అతని జేబులోనే ఉందని ఊహించుకుంటూ ఉంది. లోపలి అవసరాలను తవ్వే ముందు ఇలాంటి సాదా అడ్డంకులు ఉన్నాయా అని చూడటం సగం పని. కొన్ని తగవులకు ఈ సాదా అడ్డంకి తప్ప లోతు ఏమీ ఉండదు.

లోపల ఏముందో గుర్తుపట్టడం: రెండు పరీక్షలు

పరిమాణంలో పొందిక లేకపోవడం మొదటి సూచన. గుప్పెడు బియ్యం ఖర్చుకు రెండు రోజుల మౌనం లెక్క కుదరదు. "ఎప్పుడూ", "ఏనాడైనా", "ఒక్కనాడూ" వంటి మాటలు వినబడటం ఇంకో సూచన, ఎందుకంటే ఆ మాటలు ఈ రాత్రి గురించి కాక ఎన్నో రాత్రుల గురించి చెబుతాయి. అయితే ఇవి లోపల ఏదో ఉందని మాత్రమే తెలుపుతాయి, ఏముందో చెప్పవు. అందుకు రెండు పరీక్షలు ఉపయోగపడతాయి.

అదే పనిని వేరొకరు చేస్తే ఎలా ఉంటుందో ఊహించడం మొదటి పరీక్ష. సత్యవతి తమ్ముడు ఒకసారి చెప్పకుండా బయట తినేసి వచ్చాడు. ఆమె నవ్వి, "ముందే సెప్పుంటే నీ వాటా నానే తినీసుందును" అని అన్నంలో నీళ్లు పోసింది. అదే అన్నం, అవే నీళ్లు. కాబట్టి అన్నం వృథా కావడం అసలు నొప్పి కాదు, అప్పలరాజు నుంచి వచ్చినప్పుడే ఆ పనికి వేరే అర్థం వస్తోంది.

రెండోది ప్రశ్నల మెట్లు. "అది జరిగితే నీకేమవుతుంది?" అని అడిగి, వచ్చిన జవాబు మీద మళ్లీ అదే ప్రశ్న అడగడం. సత్యవతి విషయంలో అది ఇలా నడుస్తుంది. ఫోన్ చేస్తే ఏమవుతుంది? తింటాడో లేదో తెలుస్తుంది. తెలిస్తే? నేను వేళకు తింటాను. వేళకు తినడానికి ఆయన ఫోన్ ఎందుకు, ఎనిమిదిన్నరకే తినేయవచ్చు కదా? ఇక్కడ ఆమె కాసేపు ఆగుతుంది. ఆ తరువాత వచ్చిన జవాబు వేరే రకంగా ఉంటుంది: "నేను మూడు గంటలు ఆయన కోసం కూర్చుంటాను. తినీసేను అన్నప్పుడు, ఆ మూడు గంటల్లో నేను ఆయనకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదని తెలుస్తుంది."

మెట్లు దిగుతున్న కొద్దీ జవాబులో అన్నం మాయమైంది, ఫోన్ మాయమైంది. మిగిలింది తలపులో చోటు. తెలుగులో దీనికి చక్కటి మాట ఎప్పటి నుంచో ఉంది: "నన్ను లెక్క చెయ్యడు." తగవు పై పొరలో "చెప్పలేదు" అనే ఆమె, లోపల "లెక్క లేదు" అంటోంది. సత్యవతి తండ్రి భవన నిర్మాణ పనులకు చెన్నై వెళ్లేవాడు. వస్తానన్న రోజున తల్లి ఒక డబ్బా బియ్యం ఎక్కువ పోసేది, అతను రాకపోతే ఆ అన్నంలో నీళ్లు పోసేది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వలస వెళ్లిన ఇళ్ల పిల్లలకు ఇలాంటి గుర్తులు అరుదు కాదు.

అప్పలరాజు వైపు కూడా మెట్లు ఉన్నాయి. ఫోన్ చెయ్యకపోతే నీకేమవుతుంది? ఒక పని తగ్గుతుంది. ఆ పని అంత బరువా? కాదు, కానీ అడిగి చేయించుకుంటే బరువు. ఎందుకు? లోపలికి వెళ్లేటప్పుడు కార్డు గీకాలి, ప్రతి బ్యాచికీ వేళ రాయాలి, రాసినదాని మీద ఇంకొకరు సంతకం పెట్టాలి, మరుగుదొడ్డికి వెళ్లినా చెప్పి వెళ్లాలి. ఇంటికి వస్తే అక్కడా వేళ చెప్పాలా? "హాజరు" అన్న మాట అతని నోట ఊరికే రాలేదు. అతనికి కావలసింది తన మీద నమ్మకం ఉందని తెలియడం, ఎనిమిది గంటల పని తరువాత ఎవరికీ లెక్క అప్పజెప్పనవసరం లేని ఒక చోటు.

ఇప్పుడు ఆ తగవును మళ్లీ వింటే, లెక్కలో ఉండాలని ఆమె అడుగుతోంది, లెక్క అప్పజెప్పనని అతను అంటున్నాడు. ఆమె ఎంత గట్టిగా అడిగితే అతనికి అది అంత హాజరుగా వినబడుతుంది. అతను ఎంత ముడుచుకుంటే ఆమెకు తన చోటు అంత ఖాళీగా కనబడుతుంది. ఒకరి మందు ఇంకొకరి జబ్బును పెంచుతోంది.

నిపుణుల మధ్య అభిప్రాయభేదం

ఈ చక్రాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దానిపై అందరూ ఒకటే చెప్పరు. అమెరికాకు చెందిన ఆండ్రూ క్రిస్టెన్సెన్ వంటి పరిశోధకులు దీనిని "అడగడం–తప్పుకోవడం" అనే నమూనాగా వర్ణించారు. ఒకరు మార్పు కోసం వెంటపడతారు, ఇంకొకరు మౌనంలోకి తప్పుకుంటారు. ఎవరికి మార్పు కావాలో వారే సాధారణంగా అడిగేవారవుతారు, ఇప్పుడున్న పద్ధతి ఎవరికి అనుకూలమో వారు తప్పుకుంటారు. ఈ దృష్టిలో లోతైన గాయం కన్నా చక్రమే ముఖ్యం, చక్రం నెమ్మదిస్తే చాలా వరకు నయమవుతుంది.

కెనడాలో 1980లలో లెస్లీ గ్రీన్‌బర్గ్‌తో కలిసి దంపతుల చికిత్సకు కొత్త పద్ధతి రూపొందించిన సూ జాన్సన్ దీన్ని మరోలా చూసింది. పసిబిడ్డకూ తల్లికీ మధ్య అనుబంధం గురించి బ్రిటిష్ వైద్యుడు జాన్ బౌల్బీ చెప్పినది పెద్దవారికీ వర్తిస్తుందని ఆమె అభిప్రాయం. ఆ లెక్కన సత్యవతి కోపం, దూరమవుతున్న మనిషిని దగ్గరికి లాక్కునే ప్రయత్నం. అప్పలరాజు టీవీ కూడా నిర్లక్ష్యం కాకపోవచ్చు, తాను ఏం చేసినా తప్పే అవుతుందన్న భయంతో వెనక్కి జరగడం కావచ్చు.

సియాటిల్‌లో దంపతుల మాటలను ఏళ్ల తరబడి వీడియో తీసి పరిశీలించిన జాన్ గాట్‌మన్ ఇంకో మెట్టు చేర్చాడు. ఆయన లెక్కలో దంపతుల తగవుల్లో సుమారు 69 శాతం పూర్తిగా తీరేవి కావు, స్వభావంలోని తేడాల వల్ల ఏదో ఒక రూపంలో తిరిగి వచ్చేవి. కాబట్టి తగవు తీరిందా అన్నదాని కన్నా, దాని గురించి మాట్లాడుకోగలుగుతున్నారా అన్నదే ఆయనకు కొలమానం. ఆ అంకె అమెరికాలోని దంపతులను చూసి వేసినది. అత్తమామలు, మరుదులు ఒకే కప్పు కింద ఉండే ఇంటికి దాన్ని యథాతథంగా తెచ్చి అతికించడం సరికాదు. ఆయన చెప్పిన మరో సంగతి మాత్రం ఏ ఇంటికైనా సరిపోతుంది: గుండె నిమిషానికి వందసార్లకు పైగా కొట్టుకుంటున్నప్పుడు మనిషి ఎదుటివారి మాట సరిగ్గా వినలేడు, నెమ్మదించడానికి కనీసం ఇరవై నిమిషాలైనా పడుతుంది. రాత్రి పదకొండింటికి, ఒకరు ఆకలితో, ఇంకొకరు షిఫ్టు అలసటతో ఉన్న వేళ ప్రశ్నల మెట్లు దిగబోతే ఎవరూ కిందికి చేరరు. సత్యవతి జవాబు ఆదివారం మధ్యాహ్నం రాగలదేమో గానీ, ఆ రాత్రి రాదు.

వీటన్నిటికీ గట్టి ఎదురువాదం ఒకటి ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ప్రతి తగవు వెనకా ఒక సున్నితమైన భావోద్వేగాన్ని వెతకడం వల్ల కళ్లెదుట ఉన్న అన్యాయం కనబడకుండా పోతుందని ఆ వాదం. 2019లో దేశవ్యాప్తంగా జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే మహిళలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. అలాంటప్పుడు సత్యవతికి కావలసింది తలపులో చోటు కాక విశ్రాంతి అయి ఉండవచ్చు. ఆమె బాల్యాన్ని తవ్వడం కన్నా వంట ఎవరు చెయ్యాలో తేల్చడమే మేలు కావచ్చు. దీన్ని పరీక్షించే దారి ఉంది. పని తగ్గించి చూడాలి. వారం రోజులు వంట భారం లేకపోయినా అతను "తినీసేను" అన్నప్పుడు నొప్పి అలాగే ఉంటే, విశ్రాంతి ఒక్కటే కారణం కాదు. నొప్పి పోతే, ఇంత తవ్వకం అవసరమే లేదు.

ఇంకో హద్దు కూడా ఉంది. ఒకరంటే ఒకరికి భయం ఉన్న ఇంట్లో, చెయ్యి లేచే ఇంట్లో, డబ్బూ ఫోనూ లాక్కునే ఇంట్లో ఈ విశ్లేషణ పనికిరాదు. కొట్టినవాడి "తీరని అవసరాన్ని" వెతకమని దెబ్బ తిన్నవారికి చెప్పడం ప్రమాదకరం. అక్కడ వర్తించేవి గృహహింస నిరోధక చట్టం, 2005, మహిళా సహాయవాణి 181.

తవ్వకంలో జరిగే పొరపాట్లు

మెట్లు దిగేటప్పుడు తొందరగా ఆగిపోవడం మామూలు పొరపాటు. "ఆయన నన్ను గౌరవించాలి, అంటే ఫోన్ చెయ్యాలి" అన్నది అవసరం కాదు, అవసరం వేషం వేసుకున్న కోరిక. వాక్యంలో "ఆయన" ఉన్నంత కాలం ఇంకా ఒక మెట్టు మిగిలి ఉన్నట్లే.

మరీ కిందికి దిగిపోవడం దానికి ఎదురు పొరపాటు. "ఇదంతా మీ నాన్న చెన్నై వెళ్లడం వల్ల" అని అప్పలరాజు అంటే, ఈ రాత్రి తాను చెప్పకపోవడం లెక్కలోంచి జారిపోతుంది. పాత గాయం నొప్పి ఎందుకు ఇంత పెద్దదో చెబుతుంది, కానీ కొత్త దెబ్బ తగలలేదని చెప్పదు. అందుకే ఒకరి అవసరాన్ని ఇంకొకరు కనిపెట్టి వారి మొహం మీద చెప్పడం తరచుగా బెడిసికొడుతుంది. అదే మాట ఎవరికి వారు చెప్పుకుంటే ఒప్పుకోలు అవుతుంది, ఎదుటివారు చెబితే తిట్టు అవుతుంది.

రెండు అవసరాలకూ చోటిచ్చే ఏర్పాటు ఎలా ఉంటుంది

ఇప్పుడు ఉదాహరణను చివరి వరకు నడిపించి చూద్దాం. సాదా అడ్డంకి ముందు తీరుతుంది. ఫోన్ లాకరులో పెట్టే ముందే, అంటే మధ్యాహ్నమే, ఆ రాత్రి ఎక్కడ తింటాడో అతను ఒక్క మాట సందేశం పంపుతాడు. సందేశం రాకపోతే, అతనికి వండనక్కరలేదని అర్థం. ఈ చివరి వాక్యమే కీలకం. పాత నియమంలో అతను మరిచిపోతే నష్టపోయేది ఆమె, కొత్త ఏర్పాటులో మరిచిపోయినవాడే వచ్చి అటుకులు తడుపుకుంటాడు. ఆమె తొమ్మిదింటికల్లా తినేస్తుంది. ఎదురుచూపు పోయింది కాబట్టి "తినీసేను" అన్న మాటకు మూడు గంటల బరువు ఉండదు.

ఇక్కడితో ఆగితే మూడో వారం ఫోన్ కథే మళ్లీ జరుగుతుంది, ఎందుకంటే సమాచారం అందినా తలపులో చోటు అందలేదు. రాత్రి పదింటికి ఫోన్ చేతికి వచ్చాక బస్సులో గంట ఖాళీ ఉంటుంది. అప్పుడు అతను తిండి ఊసు లేకుండా ఫోన్ చేస్తే, ఆమె పూట ఎలా గడిచిందని అడిగితే, అది ఆమెకు కావలసినది. కానీ ఆమె దాన్ని నియమంగా అడిగిన రోజున అది హాజరు పట్టీలోకి చేరిపోతుంది. కాబట్టి ఏ రోజు చెయ్యాలో, అసలు చెయ్యాలో వద్దో అతని ఇష్టానికి వదలాలి. ఆమెకు ఇది తేలిక కాదు. అడిగి తెచ్చుకున్న గుర్తింపుతో మనసు నిండదని ఆమెకు తెలుసు, అడగకుండా వస్తుందన్న హామీ కూడా లేదని తెలుసు. ఈ ఏర్పాటులో బలహీనమైన కీలు ఇదే. ఓవర్‌టైమ్ పడిన వారంలో నాలుగు రోజులు వరుసగా ఫోన్ రాకపోతే అది కిరకిరలాడుతుంది.

లోపలి అవసరాన్ని సరిగ్గా పట్టుకున్నారా లేదా అన్నది, తగవు రావడం ఆగిందా అన్న దాన్ని బట్టి తెలియదు. తప్పు జరిగిన రాత్రి ఏమవుతుందో చూడాలి. అతను సందేశం పెట్టడం మరిచి ఆకలితో వచ్చిన రోజున, ఆమె "అటుకులున్నాయి, పచ్చిమిరపకాయలు బుట్టలో ఉన్నాయి" అంటే, అతను గొణుక్కుంటూ పొయ్యి వెలిగిస్తే, ఆ గొణుగుడు రెండు నిమిషాల్లో చల్లారితే, పట్టుకున్నది సరైనదే. అలా కాక అన్నం మీది గొడవ పోయి ఫోన్‌లో గొంతు మీద, ఆ తరువాత జీతం డబ్బు మీద, ఆ తరువాత పండక్కి పుట్టింటికి వెళ్లడం మీద అదే వరుసలో, అవే "ఎప్పుడూ", "ఏనాడైనా"లతో వస్తూ ఉంటే, వారు పట్టుకున్నది ఇంకో పై పొర మాత్రమే.

సత్యవతి ఇంట్లో రెండు నెలల తరువాత కొత్త ప్రశ్న ఒకటి పైకి వచ్చిందనుకుందాం. ఎదురుచూపు పోయింది, నీళ్లు పోసిన అన్నం కూడా తగ్గింది. అయినా మిగిలిన రోజున, పొద్దున్నే ఆ చద్దన్నం తన కంచంలోకే ఎందుకు వస్తుందని ఆమె అడిగింది. ఇన్నాళ్లూ అది ఆమెకే కనబడలేదు. అప్పలరాజు దగ్గర జవాబు లేదు. అతను కంచం తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు, ఉల్లిపాయ ఇద్దరికీ కోశాడు.